1900లో ఫిబ్రవరి 29 లేదు, 2000లో ఉంది: ఎందుకలా?

నమస్కారం అండీ. రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ రైల్వే పరీక్షలకీ బ్యాంకు పరీక్షలకీ చదివే మన తెలుగు పిల్లలు క్యాలెండర్ లెక్కల్లో మార్కు పోగొట్టుకునేది ఎప్పుడూ ఒకే చోట. లీపు సంవత్సరం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, నాలుగేళ్లకోసారి ఫిబ్రవరికి 29 రోజులు, అది చిన్నప్పుడే వచ్చేసింది. నన్ను విసిగించేది ఆ తర్వాతి మాట. "మాస్టారూ, 1900 నాలుగుతో పోతుంది కదా, అయితే లీపే" అని ఒకరు. "చివర రెండు సున్నాలుంటే లీపు కాదు మాస్టారూ, అంచేత 2000 కూడా కాదు" అని ఇంకొకరు. ఇద్దరూ ఎంతో నమ్మకంగా చెబుతారు, ఇద్దరిదీ తప్పే.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఇవాళ బతికున్న మనందరం చూసిన శతాబ్ది సంవత్సరం ఒక్కటే, 2000. అది లీపు అయింది. 1901 నుంచి 2099 వరకు ఏ సంవత్సరం తీసుకున్నా, ఉత్త నాలుగుతో భాగించి చెప్పేస్తే చాలు, ఒక్కసారి కూడా తప్పు రాదు. అందుకని సగం నియమమే పూర్తి నియమం అనుకుని బతికేస్తున్నాం. పరీక్షలో 1900 అడిగినప్పుడో, 2100 అడిగినప్పుడో దొరికిపోతాం.

సరే, నియమాన్ని బట్టీ పట్టించను. ఖాతా చూపిస్తాను, నియమం దానంతటదే వస్తుంది.

(బోర్డు మీద: 365 రోజులు + 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు)

ఋతువుల లెక్కన ఏడాది అంటే దాదాపు ఇంత. సందు చివర కిరాణా కొట్టులో ఖాతా ఉంటుంది కదా, అలా అనుకోండి. ఏడాదికి 365 రోజులు మనం నగదు ఇచ్చేస్తున్నాం, మిగిలిన 5 గంటల 48 నిమిషాల చిల్లర సూర్యుడి ఖాతాలో మన పేరు మీద బాకీ పడుతుంది. మన దగ్గర చిల్లర లేదు. క్యాలెండర్‌లో అరపూట కలపలేం, గంట కలపలేం. ఉన్నది ఒకే ఒక్క పెద్ద నోటు, 24 గంటల నోటు. దాని పేరే ఫిబ్రవరి 29.

నాలుగేళ్లకి బాకీ ఎంతయింది? నాలుగుసార్లు కలపండి, సరిగ్గా 23 గంటల 15 నిమిషాలు. మనం 24 గంటల నోటు ఇచ్చేశాం. అంటే 45 నిమిషాలు ఎక్కువ ఇచ్చాం. కొట్టువాడు తిరిగి చిల్లర ఇవ్వడు, ఖాతాలో రాసుకుంటాడు అంతే. జూలియస్ సీజర్ పెట్టిన పాత క్యాలెండర్ ఇక్కడితో ఆగిపోయింది. నాలుగేళ్లకో నోటు, అడిగేవాడు లేడు. నాలుగేళ్లకి 45 నిమిషాలంటే ఏమంత అనిపిస్తుంది, కానీ వందల ఏళ్లు అలాగే ఇస్తూ పోతే క్యాలెండర్ ఋతువుల కంటే వెనకబడింది. మార్చి 21 దగ్గర ఉండాల్సిన విషువత్తు, అదే పగలూ రాత్రీ సమానంగా వచ్చే రోజు, 1500ల నాటికి మార్చి 11 దగ్గరకి వచ్చేసింది. పోప్ గ్రెగరీ 13 దాన్ని సరిచేయించాడు. 1582లో అక్టోబర్ 4 గురువారం, మర్నాడు శుక్రవారమే, కాకపోతే తారీఖు 15. పది తారీఖులు తీసి పక్కన పడేశారు.

పాత లెక్క సరిచేస్తే సరిపోదు, మళ్లీ అలా కాకుండా చూడాలి కదా. ఇప్పుడు వందేళ్ల ఖాతా తీయండి. వందేళ్లలో 25 నోట్లు ఇస్తే, నోటుకి 45 నిమిషాల చొప్పున ఎక్కువ ఇచ్చింది 18 గంటల 45 నిమిషాలు. ఒక రోజుకి దగ్గర పడింది. కాబట్టి వందేళ్లకోసారి ఒక నోటు ఇవ్వడం మానేద్దాం. శతాబ్ది సంవత్సరంలో ఫిబ్రవరికి 28 రోజులే. 1700 లేదు, 1800 లేదు, 1900 లేదు.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లే నా రెండో రకం పిల్లలు. ఖాతా మళ్లీ చూడండి. ఎక్కువ ఇచ్చింది 18 గంటల 45 నిమిషాలు, ఆపుకున్నది 24 గంటల నోటు. ఇప్పుడు మనమే 5 గంటల 15 నిమిషాలు తక్కువ ఇచ్చాం! వందేళ్లకి అంత బాకీ అయితే నాలుగు వందల ఏళ్లకి 21 గంటలు. మళ్లీ ఒక నోటు ఇవ్వాల్సిందే. అందుకే నాలుగు శతాబ్దుల్లో మూడింటికి ఆపేస్తాం, నాలుగోదానికి ఇచ్చేస్తాం. 1600కి ఇచ్చాం, 2000కి ఇచ్చాం, 2400కి ఇస్తాం. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఎన్ని దశాంశాలో రాసి పెట్టుకోకుండా, రెండు భాగహారాలతో సూర్యుణ్ణి పట్టుకున్నారు.

ఇక చేసే పద్ధతి. చివర రెండు సున్నాలున్న సంవత్సరం కనిపించిందంటే, 400తో భాగించడానికి కష్టపడకండి. ఆ రెండు సున్నాలు కొట్టేయండి, మిగిలిన అంకెను 4తో భాగించండి. 1900లో మిగిలేది 19, శేషం 3, లీపు కాదు. 2000లో 20, శేషం సున్నా, లీపు. 2100లో 21, శేషం 1, కాదు. సున్నాలు కొట్టకుండా 1900 మొత్తాన్ని నాలుగుతో భాగిస్తే అది ఎప్పుడూ పోతుంది, వందే నాలుగుతో పోతుంది కాబట్టి. ఆ పరీక్షలో శతాబ్ది ఏదీ ఫెయిల్ కాదు. ఫెయిల్ కాని పరీక్ష పెట్టి ఏం తెలుసుకుంటాం చెప్పండి.

ఇప్పుడు నిజమైన మనిషి మీద వేసి చూద్దాం. మన మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ పుట్టింది 1896 ఫిబ్రవరి 29న. ఆయనకి మళ్లీ అదే తారీఖు ఎప్పుడొచ్చింది? ఎవర్నడిగినా 1900 అంటారు. 1900లో ఫిబ్రవరి 28 బుధవారం, మర్నాడు గురువారం మార్చి 1. మధ్యలో ఏమీ లేదు. ఆయన పుట్టిన తారీఖు మొదటిసారి తిరిగొచ్చింది 1904లో, అప్పటికి ఆయనకి ఎనిమిదేళ్లు నిండాయి.

దీన్నే పరీక్షలో ఇలా అడుగుతారు: 1896 ఫిబ్రవరి 29 శనివారం అయితే, 1904 ఫిబ్రవరి 29 ఏ వారం? ఎనిమిదేళ్లు, ఏడాదికి 365 చొప్పున 2920 రోజులు. మధ్యలో ఎన్ని 29లు కలపాలి? బయల్దేరిన రోజే 1896 నాటి 29, కాబట్టి దాన్ని లెక్కించకూడదు. 1900కి లేదు. చేరిన రోజు 1904 నాటి 29, అదొక్కటే. మొత్తం 2921. ఏడుతో భాగిస్తే శేషం 2. శనివారం నుంచి రెండు రోజులు ముందుకు, సోమవారం. 1900ని లీపు అనుకున్నవాడికి 2922 వస్తుంది, శేషం 3, మంగళవారం అని రాస్తాడు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో మంగళవారం కూడా తప్పకుండా ఉంటుంది, ప్రశ్న తయారు చేసినవాళ్లకి మనం ఎక్కడ పడతామో తెలుసు. తప్పు ఎప్పుడూ సరిగ్గా ఒక రోజు అటూ ఇటూ వస్తుంది, కాబట్టి మీ జవాబు పక్క రోజు మీద పడితే ముందు శతాబ్ది దగ్గర వెతకండి.

ఒక చిన్న షరతు ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. ఈ నియమం గ్రెగరీ క్యాలెండర్‌కే. రష్యా 1918 వరకు పాత క్యాలెండర్‌లోనే ఉంది, కాబట్టి అక్కడ 1900 ఫిబ్రవరి 29 నిజంగా వచ్చింది. మనకి ఆ రోజు మార్చి 13. బ్రిటన్ మారింది 1752లో. అప్పుడు తీసేసింది పది రోజులు కాదు, పదకొండు. ఆ ఎక్కువైన ఒక్క రోజు ఎక్కడి నుంచి వచ్చిందంటారా? 1700 నుంచి. గ్రెగరీ ఆ ఏడాది నోటు ఆపాడు, బ్రిటన్ ఇచ్చేసింది. రష్యా 1918లో పదమూడు తీసేయాల్సి వచ్చింది, 1800 ఒకటి, 1900 ఇంకొకటి పడ్డాయి. పాత రికార్డుల తారీఖులు చూసేవాళ్లు ముందు ఏ దేశం, ఏ క్యాలెండర్ అని చూసుకుని అప్పుడు నియమం వేయాలి.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ప్రోగ్రాం రాసేవాళ్లకి ఒక్క వరుస చాలు:

```
leap = (y % 4 == 0 and y % 100 != 0) or y % 400 == 0
```

దీన్ని పరీక్షించేటప్పుడు 2024, 2023 ఇచ్చి సరిపోయిందని వదిలేయకండి. 1900, 2000, 2100 మూడూ ఇవ్వండి, కాదు, అవును, కాదు అని రావాలి. చివరి `y % 400` ముక్క మర్చిపోతే 2000 దగ్గర దొరుకుతుంది, `y % 100` ముక్క మర్చిపోతే మిగతా రెండింటి దగ్గర దొరుకుతుంది.

400 ఏళ్లకి మొత్తం 97 లీపు రోజులు, 1,46,097 రోజులు, ఏడుతో నిశ్శేషంగా పోతుంది. అందుకే ఆడ్ డేస్ లెక్కలో 400 ఏళ్లకి సున్నా అని రాస్తాం. అయినా ఖాతా పూర్తిగా తీరలేదు, 21 గంటలకి 24 గంటల నోటు ఇచ్చాం కదా, 400 ఏళ్లకి ఇంకా 3 గంటలు ఎక్కువే పోతోంది. అది ఒక రోజు అవ్వాలంటే 3200 ఏళ్లు పడుతుంది, దానికి ఇప్పటికి నియమం ఏదీ లేదు.

ఆఖరుగా ఎక్సెల్ వాడేవాళ్లకి. ఒక గడిలో 60 అని కొట్టి తారీఖు ఫార్మాట్‌లోకి మార్చండి, 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. లేని రోజు! లోటస్ 1-2-3 అనే పాత సాఫ్ట్‌వేర్ 1900ని లీపుగా లెక్కేసేది, దాని ఫైళ్లు సరిపోవాలని ఎక్సెల్‌లోనూ అలాగే ఉంచేశారు. దీనివల్ల 1900 జనవరి, ఫిబ్రవరి తారీఖులకి ఎక్సెల్ చెప్పే వారం ఒక రోజు తేడాగా వస్తుంది. ఆ సంవత్సరం జనవరి 1 సోమవారం, ఎక్సెల్ ఆదివారం అంటుంది. మార్చి 1 నుంచి మాత్రం సరిగ్గానే ఉంటుంది. కాబట్టి ఆ రెండు నెలల తారీఖులకి వారం కావాలంటే ఎక్సెల్ మీద ఆధారపడకుండా చేత్తో లెక్కేసుకోండి, అంతకంటే పాత తారీఖుల్నయితే అది అసలు తారీఖుగానే తీసుకోదు.