జహంగీరు రాసుకున్న ‘దుకాణం’: మొఘల్ పాదుషాల మత విధానాన్ని ఎలా చదవాలి?

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

చరిత్ర పాఠం చెప్పినన్నాళ్లూ నన్ను విద్యార్థులు తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది. మొఘల్ పాదుషాలు హిందువులను, సిక్కులను మతం కోసం హింసించారా, రాజకీయం కోసం హింసించారా? ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఆ జవాబులు ఎక్కడ సరిపోతాయో, ఎక్కడ సరిపోవో మూలగ్రంథాలలోని కొన్ని వాక్యాలను దగ్గరగా చదివి చూద్దామని ఈరోజు నా ప్రయత్నం.

ముందుగా జహంగీరు. అక్బరు, ఔరంగజేబుల మధ్య ఆయనను మనం తొందరగా దాటేస్తాం కానీ, ఈ ప్రశ్నకు ఆయన రాతలోనే ఎక్కువ సరుకు ఉంది. 1606లో పెద్ద కొడుకు ఖుస్రూ తిరుగుబాటు చేసి పంజాబు వైపు పారిపోయాడు. ఆ సందర్భాన్ని చెబుతూ జహంగీరు తన ఆత్మకథలో సిక్కుల ఐదవ గురువు అర్జున్ దేవ్ గురించి రాశాడు. బియాస్ నది ఒడ్డున గోయింద్‌వాల్‌లో అర్జున్ అనే హిందువు పీరు వేషంలో ఉంటున్నాడని, అమాయకులైన హిందువులే కాక తెలియని ముస్లింలు కూడా కొందరు ఆయన వెంట పడ్డారని, మూడు నాలుగు తరాలుగా ఆ దుకాణం సాగుతోందని, దాన్ని మూయించాలనో లేక ఆయనను ఇస్లాంలోకి తేవాలనో చాలాకాలంగా తన మనసులో ఉందని అంటాడు. ఆ తరువాతే ఖుస్రూ ప్రస్తావన వస్తుంది. ఆ దారిన పోతున్న యువరాజు నుదుట గురువు కుంకుమపువ్వుతో వేలి బొట్టు పెట్టాడని, అది విని గురువును పట్టి తెమ్మన్నానని, ఆయన ఇళ్లనూ పిల్లలనూ ముర్తజా ఖాన్ అనే సర్దారుకు అప్పగించి, ఆస్తి జప్తు చేసి, మరణశిక్ష వేయమన్నానని రాశాడు.

ఈ భాగాన్ని సగానికి కోసి చదవడం చాలాకాలంగా జరుగుతోంది. మతద్వేషమే కారణం అనేవాళ్లు ‘చాలాకాలంగా మనసులో ఉంది’ అన్న మాట దగ్గర ఆగిపోతారు. రాజద్రోహమే కారణం అనేవాళ్లు ఖుస్రూ నుదుటి బొట్టు దగ్గర మొదలుపెడతారు. జహంగీరు మాత్రం రెండూ ఒకే ఊపులో రాశాడు. మొదటిది లేకపోతే బొట్టు పెట్టినందుకు అంత శిక్ష పడేదా? రెండోది లేకపోతే అన్నేళ్లుగా మనసులో ఉన్నది ఆ సంవత్సరమే ఎందుకు బయటికి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కనే ఉంచుకోవాలి.

గురువు మరణం ఎలా జరిగిందన్న విషయంలో కూడా సాక్ష్యాలు ఒక్కటిగా లేవు. ఆ సంవత్సరమే లాహోరులో ఉన్న జెసూట్ పాద్రీ జెరోం జేవియర్ రాసిన ఉత్తరం ప్రకారం గురువుకు పెద్ద జరిమానా వేశారు, ఒక ధనికుడైన హిందువు హామీ పడ్డాడు, ఆ సొమ్ము రాకపోవడంతో పెట్టిన బాధలకు గురువు చనిపోయాడు. కొన్ని దశాబ్దాల తరువాత వచ్చిన దబిస్తాన్ గ్రంథం కూడా జరిమానా సంగతీ, లాహోరు ఎండలో నిలబెట్టిన సంగతీ చెబుతుంది. సిక్కు సంప్రదాయం చందూ అనే అధికారి పగను ప్రధానంగా చెప్పి, దీన్ని ధర్మం కోసం చేసిన ప్రాణత్యాగంగా స్మరిస్తుంది. పాదుషా ఆజ్ఞ ఒకటి, అది లాహోరులో అమలైన తీరు మరొకటి, ఒక సమాజం దాన్ని గుర్తుంచుకున్న తీరు ఇంకొకటి. వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని మిగతావి అబద్ధాలని కొట్టిపారేయడం చరిత్రకారుడి పని కాదు.

ఇక్కడే నక్ష్‌బందీ సూఫీ షేక్ అహ్మద్ సర్హిందీ వస్తాడు. గోయింద్‌వాల్ గురువు మరణం గొప్ప విజయమని సంతోషం ప్రకటిస్తూ ఆయన షేక్ ఫరీద్ బుఖారీకి ఉత్తరం రాశాడు. గురువు ఇల్లు వాకిళ్లు ఎవరి చేతికి వెళ్లాయో ఆ ముర్తజా ఖానే ఈ షేక్ ఫరీద్. దీన్నిబట్టి సర్హిందీ మాటే జహంగీరు నోట పలికిందని, అక్బరు ఉదార విధానాన్ని నక్ష్‌బందీలు తిప్పికొట్టారని చాలామంది రాశారు. పాకిస్తాన్ చరిత్రకారులలో కొందరు దాన్ని గర్వంగా చెప్పుకున్నారు, మన దేశంలో కొందరు నేరంగా చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నది మాత్రం సర్హిందీకి దర్బారులో పెద్ద పలుకుబడి ఉందని.

మరి 1619లో ఏం జరిగింది? అదే జహంగీరు అదే సర్హిందీని పిలిపించి గ్వాలియరు కోటలో ఖైదు చేయించాడు. ఎందుకో కూడా ఆత్మకథలో రాశాడు. ఈ షేక్ మోసగాడని, తన ఆధ్యాత్మిక స్థానం ఖలీఫాల స్థానాన్ని దాటిపోయిందన్న అర్థం వచ్చేట్టు ఉత్తరాలు రాశాడని, ఊరూరికీ తన ప్రతినిధులను పంపాడని, వాళ్లు దుకాణం అలంకరించడంలో, మతజ్ఞానం అమ్మడంలో ఆరితేరినవాళ్లని అన్నాడు. గమనించారా, మళ్లీ ఆ దుకాణమే! పదమూడేళ్ల కిందట సిక్కు గురువు మీద వాడిన మాటనే ఇప్పుడు ఇస్లాం శుద్ధి కోసం కలం పట్టిన షేక్ మీద వాడాడు. ఆయనను కాపలాకు అప్పగించింది అనీరాయ్ సింగ్‌దలన్ అనే హిందూ సర్దారుకు. ఏడాది తరువాత విడిచిపెట్టి, గౌరవ వస్త్రమైన ఖిలత్తూ వెయ్యి రూపాయలూ ఇచ్చి పంపాడు.

పాదుషా భయం ఎక్కడుందో ఈ మాట చెబుతోందని నా అభిప్రాయం. ఊరూరా మనుషులను పెట్టుకుని, కానుకలు స్వీకరిస్తూ, తన మాటే వేదమని నమ్మే జనాన్ని కూడగట్టగల గురువు ఏ మతంవాడైనా సింహాసనానికి పోటీయే. అయితే అంతటితో ఆపితే అన్యాయమవుతుంది. షేక్ ఏడాదిలో ఇంటికి వెళ్లాడు, గురువు వెళ్లలేదు. ‘ఇస్లాంలోకి తేవాలి’ అన్న వాక్యం షేక్ గురించి రాయవలసిన అవసరమే లేదు. ఈ తేడాలో మతం ఉంది. దాన్ని రాజకీయం అన్న పదం వెనుక దాచలేం.

ఇప్పుడు ఔరంగజేబు దగ్గరికి వద్దాం. కాశీ ఒక్కదాన్నే తీసుకుందాం. 1659లో, వారసత్వ యుద్ధం ఇంకా పూర్తిగా సద్దుమణగకముందే, కాశీలో పాత ఆలయాల బ్రాహ్మణులను ఎవరూ వేధించరాదని ఆయన ఫర్మానా ఇచ్చాడు. అందులోనే షరియత్ ప్రకారం పాత ఆలయాలను పడగొట్టకూడదు, కొత్తవి కట్టనివ్వకూడదు అన్న నియమం కూడా ఉంది. పదేళ్ల తరువాత, 1669లో, పాతవాటిని పడగొట్టకూడదన్న ఆ నియమం కాశీ విశ్వనాథుడి ఆలయానికి అక్కరకు రాలేదు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఇచ్చిన ఆజ్ఞ గురించి ఔరంగజేబు పాలన చరిత్ర అయిన మాసిర్-ఇ-ఆలంగీరీ చెబుతుంది. ఠట్టా, ముల్తాను, ముఖ్యంగా కాశీలో బ్రాహ్మణులు తమ గ్రంథాలను పాఠశాలల్లో బోధిస్తుంటే హిందువులతో పాటు ముస్లింలు కూడా దూరప్రాంతాల నుంచి వచ్చి నేర్చుకుంటున్నారని తెలిసి, అవిశ్వాసుల పాఠశాలలనూ ఆలయాలనూ పడగొట్టమని అన్ని సుబాల అధికారులకూ ఆజ్ఞ ఇచ్చాడని దాని కథనం.

శివాజీ 1666లో ఆగ్రా నుంచి తప్పించుకున్నప్పుడు కాశీ ప్రాంతం వాళ్లు సాయపడ్డారన్న అనుమానం వల్లే ఇది జరిగిందని ఇటీవలి చరిత్రకారులు కొందరంటారు. రిచర్డ్ ఈటన్ ఆలయ విధ్వంసాలను లెక్కకట్టి, వాటిలో చాలావరకు శత్రురాజుల లేదా తిరగబడిన సామంతుల ఆలయాలని చూపించాడు. ఆ పరిశీలన విలువైనది. కానీ కాశీ విషయంలో శివాజీ కారణం మనం ఊహించి చేర్చినది, మూలంలో ఉన్నది బోధన కారణమే. ఇంకో చిక్కు కూడా ఉంది. మాసిర్ రాసిన సాఖీ ముస్తైద్ ఖాన్ దాన్ని పాదుషా చనిపోయాక 1710లో పూర్తిచేశాడు. ఔరంగజేబును ఇస్లాంకు అంకితమైన రాజుగా చూపించాలన్న తపన అతనిది. అతని వాక్యాన్ని బట్టి దేశమంతటా ఆలయాలు కూల్చమన్న ఆజ్ఞ అమలైందని అనుకోలేం. అదే కాశీలో వీరశైవుల జంగమవాడి మఠం భూమి హక్కులను 1669 తరువాత కూడా ఔరంగజేబు సర్కారు ధ్రువీకరించింది. ఆ మఠం నిలిచింది కాబట్టి విశ్వనాథాలయం కూలిన నిజం తగ్గిపోదు, ఆలయం కూలింది కాబట్టి మఠం కాగితాలు దొంగవి కావు.

1679లో జిజియా మళ్లీ వచ్చింది. ముస్లిమేతరుల మీద వేసే ఈ పన్నును అక్బరు 1564లో ఎత్తివేశాడు. చరిత్రకారులలో జదునాథ్ సర్కార్ దీన్ని మతమార్పిడి ఒత్తిడిగా చూశాడు. సతీశ్ చంద్ర, రాజ్యం ఇబ్బందుల్లో పడిన వేళ ఉలేమాలను, ముస్లిం ప్రజలను సింహాసనం చుట్టూ కూడగట్టే ప్రయత్నంగా చూశాడు. అతహర్ అలీ పాదుషా కొలువులో హోదా పొందిన మన్సబ్‌దారుల జాబితాలు తయారుచేసి, వెయ్యి, ఆపై హోదా ఉన్నవారిలో హిందువులు 1658-78 మధ్య సుమారు 21.6 శాతమైతే, 1679-1707 మధ్య 31.6 శాతమని తేల్చాడు. పెరిగినవాళ్లలో ఎక్కువమంది మరాఠాలు, అంటే దక్కను యుద్ధంలో తమ వైపు తిప్పుకోవలసి వచ్చిన సర్దారులు.

ఈ అంకెను ఔరంగజేబు నిర్దోషిత్వానికి రుజువుగా చూపడం నేను ఒప్పుకోను. జిజియాలో కనీస మెట్టు ఏడాదికి మూడు రూపాయల పైచిలుకు, పట్నంలో కూలిచేసుకునేవాడి నెల సంపాదనంత. సర్కారు కొలువులో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అంటే అతహర్ అలీ లెక్కలోకి వచ్చిన సర్దారు ఆ పన్ను కట్టనక్కరలేదు, అతని గుర్రానికి నాడాలు కొట్టే కమ్మరి కట్టాలి. దర్బారు జాబితా దర్బారు సంగతే చెబుతుంది. కమ్మరికి తాను ఏ మతంవాడో ఏటా గుర్తుచేసిన ఆ మూడు రూపాయల సంగతి అందులో దొరకదు.

1675లో ఢిల్లీలో సిక్కుల తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్‌కు వేసిన మరణశిక్ష విషయంలో ఆధారాల కాలాన్ని చూసుకోవడం మరీ అవసరం. ఆయన బలవంతపు వసూళ్లు చేస్తూ తిరిగాడన్న పారసీ కథనం దాదాపు వందేళ్ల తరువాతిది. ఇతరుల తిలకం, జంధ్యం కాపాడడానికి తల ఇచ్చాడన్న సిక్కు కథనం ఆయన కొడుకు గురు గోవింద్ సింగ్ పేరున ఉన్న బచిత్ర నాటక్‌లోనిది. మొదటిది సర్కారు భాషలో ఉంది కాబట్టి నిష్పక్షపాతమని, రెండోది భక్తి కాబట్టి నమ్మదగనిదని తూచడం నాకు సరిగా కనిపించదు.

చివరగా మన గోలకొండ. అక్కడి సుల్తాను అబుల్ హసన్ తానీషా మీద ఔరంగజేబు మోపిన నేరాలలో రాజ్యాన్ని బ్రాహ్మణుల చేతుల్లో పెట్టాడన్నది ఒకటి. ఆ బ్రాహ్మణులు అక్కన్న, మాదన్నలు. 1686లో గోలకొండలో వాళ్లను చంపారు, మరుసటి ఏడు కోట పడింది. కానీ ఇదే ఔరంగజేబు తన పాలన తొలి ఏళ్లలో, 1663లో చనిపోయేదాకా, మొత్తం సామ్రాజ్యపు దివానీ, అంటే రాబడి వ్యవహారాలను రాజా రఘునాథ్ అనే హిందువు చేతిలోనే ఉంచాడు. మాదన్న గోలకొండలో చేసిన పని అలాంటిదే. రఘునాథ్ విషయంలో లేని తప్పు మాదన్న విషయంలో తప్పయింది. కోటతో పాటు జిజియా కూడా దక్కను రైతు గడపకు చేరింది. యుద్ధంతో, కరువుతో దేశం చితికిపోయాక 1704లో ఔరంగజేబే దక్కనులో ఆ వసూలును ఆపించాడు.