శ్రేణికి ఇంకో నియమం కూడా నప్పుతుందేమో చూడటం

సభలోని పెద్దలకు, పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

బోర్డు మీద మూడు సంఖ్యలు రాస్తున్నాను: 7, 8, 12. తర్వాత వచ్చేది ఏమిటని అడిగితే ఈ గదిలోనే మూడు జవాబులు పుడతాయి. పక్కపక్క పదాల మధ్య తేడాలు 1, 4 కాబట్టి అవి వర్గ సంఖ్యలని, తర్వాతి తేడా 9 అని ఒకరు 21 చెబుతారు. తేడా ప్రతిసారీ 3 చొప్పున పెరుగుతోంది కాబట్టి తర్వాతిది 7 అని మరొకరు 19 చెబుతారు. తేడా నాలుగు రెట్లు అవుతోంది కాబట్టి తర్వాతిది 16 అని ఇంకొకరు 28 చెబుతారు. ముగ్గురి లెక్కలోనూ తప్పు లేదు. ఇచ్చిన మూడు పదాలకూ మూడు నియమాలూ సరిగ్గా సరిపోయాయి, అంతే.

ఇప్పుడు అదే ప్రశ్నను పరీక్షల్లో సాధారణంగా కనిపించే రూపంలో రాస్తాను: 7, 8, 12, ?, 37. చివరన ఉన్న 37 ఇక్కడ సాక్షిలాంటిది. వర్గాల నియమం ప్రకారం ఖాళీలో 21 పెట్టి, తర్వాతి తేడా 16 కలిపితే 37 వస్తుంది. తేడా 3 చొప్పున పెరిగే నియమం ప్రకారం ఖాళీలో 19 పెడితే, తర్వాతి తేడా 10 అయి చివరి పదం 29 కావాలి, కాని అక్కడ ఉన్నది 37. నాలుగు రెట్ల నియమం ప్రకారం ఖాళీలో 28 పెడితే, తర్వాతి తేడా 64 అయి చివరి పదం 92 దాకా వెళ్ళిపోతుంది. రెండు నియమాలు ఒక్క కూడికతో పోయాయి, దీనికి పట్టిన సమయం పది సెకన్లు మించదు. అయినా ఎడమ వైపు నుంచి లెక్క మొదలుపెట్టి, ఖాళీ దగ్గర జవాబు దొరకగానే గుర్తు పెట్టేసి, ఖాళీకి కుడి వైపున ఉన్న పదాన్ని చూడనే చూడని అభ్యర్థులు నా తరగతిలో ప్రతి ఏడాదీ కనిపిస్తారు. 19 వచ్చే దారి ప్రశ్న తయారుచేసేవారికీ తెలుసు కాబట్టి, ఆప్షన్లలో 19 ఉండటం కాకతాళీయమని నేననుకోను.

జవాబు సరిచూసుకోవడమంటే చాలామంది తాము చేసిన కూడికలనే ఇంకోసారి చేస్తారు. దానివల్ల కూడికలో తప్పు దొరుకుతుందేమో కాని, నియమంలో తప్పు దొరకదు. నియమాన్ని పరీక్షించాలంటే వేరే లెక్క ఒకటి వేసుకోవాలి: ఈ నియమాన్ని తయారుచేసుకోవడానికి ఎన్ని పదాలు ఖర్చయ్యాయి, దాన్ని పరీక్షించడానికి ఎన్ని పదాలు మిగిలాయి? పై ఉదాహరణలో మూడు నియమాలూ 7, 8, 12 అనే మూడు పదాలను చూసి కట్టుకున్నవే. ఏ పదాలను చూసి నియమాన్ని కట్టామో ఆ పదాలకు అది సరిపోవడంలో వింత లేదు. మిగిలిన 37 ఒక్కటే నిజమైన పరీక్ష. పరీక్షకు ఒక్క పదమూ మిగలకపోతే, మన చేతిలో ఉన్నది జవాబు కాదు, ఊహ మాత్రమే. అప్పుడే రెండో నియమం కోసం వెతకాలి.

అయితే వేరుగా కనిపించిన ప్రతి నియమమూ నిజంగా వేరు కాదు. 5, 11, 23, 47 అనే శ్రేణిని చూడండి. రెట్టింపు చేసి 1 కలపాలని ఒకరంటే, తేడాలు 6, 12, 24 అని రెట్టింపవుతున్నాయని మరొకరంటారు. ఇద్దరికీ 95 వస్తుంది. ఆ తర్వాతి పదం కూడా ఇద్దరికీ 191 వస్తుంది, ఎంత దూరం వెళ్ళినా ఇద్దరూ విడిపోరు, ఎందుకంటే మొదటి నియమం పాటించే ఏ శ్రేణిలోనైనా తేడాలు రెట్టింపు కాక తప్పదు. ఇది ఒకే నియమాన్ని రెండు రకాలుగా చెప్పడమే కాబట్టి, రెండు పద్ధతుల్లో ఒకే జవాబు వచ్చిందని దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కవేసుకోకూడదు. ఇలాంటి వాటి మీద సమయం పెట్టడం దండగ. మనం వెతకాల్సింది ఇచ్చిన పదాలన్నిటికీ సరిపోయి, తర్వాతి పదం దగ్గర మాత్రం విడిపోయే నియమం.

అలాంటిది ఒకటి: 2, 3, 5, 8, ?. తేడాలు 1, 2, 3 కాబట్టి తర్వాతి తేడా 4, జవాబు 12. లేదా ముందున్న రెండు పదాల మొత్తమే తర్వాతి పదం కాబట్టి 5, 8 కలిపి 13. రెండూ చిన్న నియమాలే, రెండూ పుస్తకాల్లో ఉండేవే, నాలుగు పదాలకూ రెండూ సరిపోతాయి. ముందు రెండు పదాలను కలిపే నియమానికి 2, 3 అనే రెండు పదాలు చాలు, 5, 8 రెండూ పరీక్షకు మిగులుతాయి. తేడాల నియమానికి మొదటి పదం, మొదటి తేడా, ఆ తేడా ఎంత చొప్పున పెరుగుతుందన్న సంగతి, ఈ మూడూ కావాలి కాబట్టి 2, 3, 5 ఖర్చయి, 8 ఒక్కటే మిగులుతుంది. ఈ లెక్కన 13 కొంచెం బలమైనదని నా అభిప్రాయం, కాని 1, 2, 3 అనే తేడాలకంటే సహజమైనవి ఏముంటాయని మీరు వాదిస్తే నేను కాదనలేను. ఆప్షన్లలో 12, 13లలో ఒకటే ఉంటే దాన్ని గుర్తించి ముందుకు వెళ్ళవచ్చు. రెండూ ఉంటే లోపం ప్రశ్నలోనే ఉంది. తప్పు జవాబుకు పావు మార్కు పోయే పరీక్షలో అలాంటి బిట్ దగ్గర కూర్చోకుండా వదిలి, ప్రాథమిక కీ వచ్చి అభ్యంతరాలు అడిగే పరీక్ష అయితే, కీలో లేని నియమం ఇచ్చిన ప్రతి పదానికీ ఎలా సరిపోతుందో వరుసగా రాసి పంపడం మేలు. ‘ఈ ప్రశ్న తప్పు’ అని మాత్రమే రాస్తే, చూసేవారికి అందులో పరిశీలించడానికి ఏమీ ఉండదు.

గణితం తెలిసినవారు ఇక్కడ ఒక ఆక్షేపణ చెప్పవచ్చు, అది న్యాయమైనదే. 2, 4, 6, 8 తర్వాత 34 రావాలన్నా నియమం దొరుకుతుంది. n స్థానంలో ఉన్న పదానికి ఈ సూత్రం వాడండి:

2n + (n−1)(n−2)(n−3)(n−4)

మొదటి నాలుగు స్థానాల్లో రెండో భాగం సున్నా అవుతుంది, ఐదో స్థానంలో 24 అవుతుంది, 10కి అది కలిసి 34 వస్తుంది. ఆ 24 బదులు ఏ సంఖ్య వచ్చేలా కావాలన్నా అలా మార్చుకోవచ్చు. కాబట్టి ఇచ్చిన పదాలు ఎన్ని ఉన్నా, ఒకే ఒక్క నియమం సరిపోతుందని గణితం ఎప్పుడూ హామీ ఇవ్వదు. పరీక్ష అడిగేది చిన్న నియమం, మనం పోల్చవలసిందీ చిన్న నియమాలనే. 34 కోసం కట్టిన ఈ సూత్రం నాలుగు పదాలనూ ముందే తనలో దాచుకుంది, దానికి పరీక్షగా ఏమీ మిగల్లేదు.

పరీక్షకు పదాలు మిగిలినా మోసపోయే చోటు ఒకటి చూపిస్తాను. ఒక వృత్తం గీసి, దాని అంచు మీద బిందువులు పెట్టి, ప్రతి రెండు బిందువులనూ సరళరేఖతో కలిపి, వృత్తం లోపల ఎన్ని గడులు ఏర్పడ్డాయో లెక్కపెట్టండి. ఒక బిందువుకు 1, రెంటికి 2, మూటికి 4, నాలుగుకు 8, ఐదుకు 16. రెట్టింపు నియమానికి మొదటి రెండు పదాలు ఖర్చయినా మూడు మిగిలాయి, మూడూ పరీక్షలో నెగ్గాయి. ఆరో బిందువు దగ్గర మాత్రం 32 రాదు, వృత్తం లోపల గీతలు ఎక్కడా మూడేసి ఒకచోట కలవకుండా చూసుకుంటే 31 వస్తుంది. ఆరు బిందువులనూ సమదూరంలో పెడితే మధ్యలో మూడు గీతలు ఒకే చోట కలిసి ఒక గడి మూసుకుపోతుంది, అప్పుడు 30 వస్తుంది. ఈ లెక్కను తరగతిలో చేయించిన ప్రతిసారీ 31 వచ్చిన పిల్లలు ఎక్కడో ఒక గడి తప్పిపోయిందనుకొని, పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెడతారు.