జేసీబీ, ప్రొక్లెయిన్: ఇంగ్లీషులో ఏమని రాయాలి?

“తెలుగు వార్తల్ని ఇంగ్లీషులోకి మారుస్తుంటానండి. చదివేవాళ్ళు అమెరికాలో ఉంటారు. ‘రాత్రిపూట జేసీబీలు, ప్రొక్లెయిన్లు పెట్టి ఇసుక తోడేస్తున్నారు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. జేసీబీ అని అలాగే ఉంచేయాలా, ఇంకేమైనా రాయాలా?”

నమస్కారమండీ. అలాగే ఉంచకండి. అమెరికా పాఠకులకైతే జేసీబీని బ్యాక్‌హో అనండి, ప్రొక్లెయిన్‌ని ఎక్స్‌కవేటర్ అనండి. రెండిటినీ కలిపేసి ఒకే మాట రాస్తే మాత్రం వార్తలో అసలు సంగతి పోతుంది.

మన ఊళ్ళల్లో జేసీబీ అంటే ఏ బండి గుర్తొస్తుంది? పసుపు రంగు, నాలుగు రబ్బరు టైర్లు. ముందు వెడల్పాటి బకెట్, వెనక పొడవాటి చెయ్యి, దాని చివర పళ్ళున్న చిన్న బకెట్. వెనక చేత్తో తవ్వాలంటే డ్రైవర్ సీటు వెనక్కి తిప్పుకుంటాడు, రెండు పక్కలా కాళ్ళు దించి బండిని కదలకుండా నిలబెడతాడు, అప్పుడు పని మొదలుపెడతాడు. మట్టి ఎత్తడం, చదును చేయడం ముందు బకెట్ పని. గుంత తీయడం వెనక బకెట్ పని. ఈ రెండు పనులూ చేసే బండికి ఇంగ్లీషులో బ్యాక్‌హో లోడర్ అని పేరు. అమెరికాలో మామూలు మాటల్లో బ్యాక్‌హో అనేస్తారు.

ప్రొక్లెయిన్ వేరే బండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది టైర్ల మీద కాదు, ఇనుప చైన్ల మీద నడుస్తుంది. ముందు బకెట్ ఉండదు, ఒకటే పెద్ద చెయ్యి. క్యాబిన్‌తో సహా పైభాగం మొత్తం గుండ్రంగా తిరుగుతుంది. కాబట్టి ఉన్నచోటి నుంచి కదలకుండానే ఒక పక్క తవ్వి, ఇంకో పక్క నిలబెట్టిన టిప్పర్‌లో పోస్తుంది. కొన్నిచోట్ల దీన్నే హిటాచీ అంటారు. అదీ కంపెనీ పేరే.

ఇసుక వార్తలో ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూడండి. మామూలు జేసీబీ 7, 8 టన్నుల బండి. దాని వెనక బకెట్‌లో పట్టేది సుమారు పావు ఘనపు మీటరు. నదిలో దించే ప్రొక్లెయిన్లు చాలావరకు 20 టన్నుల తరగతివి. వాటి బకెట్‌లో దాదాపు ఒక ఘనపు మీటరు పడుతుంది. అంటే జేసీబీ వెనక బకెట్ నాలుగుసార్లు తోడినది ఇది ఒక్కసారిలో తోడేస్తుంది. పైగా ఇంకా లోతుకు వెళ్తుంది. ‘ప్రొక్లెయిన్లు దించారు’ అని ఊరివాళ్ళు చెప్పారంటే, తవ్వకం పెద్ద ఎత్తున సాగుతోందని వాళ్ళ ఆందోళన. రెండిటినీ ‘డిగ్గర్లు’ అని రాసేస్తే ఆ ఆందోళన పాఠకుడికి చేరదు.

ఇక ఈ పేర్లు ఎక్కడివో చెబుతాను, ఎందుకంటే ఏ దేశం వాళ్ళకు ఏ మాట అర్థమవుతుందో దానివల్లే తేలుతుంది. జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్. 1945లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో ఆయన కంపెనీ పెట్టాడు. మన దేశంలో 1979 నుంచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఈ బళ్ళు తయారవుతున్నాయి. దేశమంతా అవే కనిపించడంతో బండికి కంపెనీ పేరే పేరైపోయింది. ఇప్పుడు మహీంద్రా బండి వచ్చినా, కేస్ బండి వచ్చినా మనకు అది జేసీబీయే. బ్రిటన్‌లోనూ ఇంతే. అక్కడి జనం కూడా ఈ రకం బండిని జేసీబీ అనే అంటారు. కాబట్టి మీ పాఠకులు లండన్‌లో ఉంటే ఆ మాట అలాగే ఉంచినా ఇబ్బంది లేదు. అమెరికాలో మామూలు మనిషికి ఆ మూడు అక్షరాలు ఏమీ చెప్పవు.

ప్రొక్లెయిన్ అసలు పేరు పొక్లెయిన్, అది ఫ్రాన్స్ కంపెనీ. హైడ్రాలిక్ తవ్వకం యంత్రాలతో పేరు తెచ్చుకుంది. మన దేశంలో ఆ యంత్రాల్ని ఎల్ అండ్ టీ తయారుచేసింది. తర్వాత ఆ పేరుతో తవ్వే బళ్ళు రావడం ఆగిపోయింది. మన నోట్లో మాత్రం పేరు నిలిచిపోయింది, మధ్యలో ఒక ‘ర’ కూడా చేరింది. ఈ మాటను ఇంగ్లీషులో యథాతథంగా రాస్తే ఫ్రాన్స్‌లో పాత తరం వాళ్ళకు తెలుస్తుందేమో గానీ, అమెరికా పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. కాబట్టి ఎక్స్‌కవేటర్ అనే రాయండి, చైన్ల మీద నడిచేదని తెలియాలంటే ట్రాక్డ్ ఎక్స్‌కవేటర్ అనండి.

ఇంకో పొరపాటు జరిగే చోటు ఉంది, బుల్‌డోజర్. కూల్చివేతల వార్తల్లో జేసీబీని బుల్‌డోజర్ అని రాసేస్తుంటారు. బుల్‌డోజర్‌కు బకెట్ ఉండదు, ముందు పెద్ద ఇనుప పలక ఉంటుంది, మట్టిని నెట్టుకుంటూ పోవడం దాని పని. జేసీబీ పెట్టి గోడ పడగొట్టారంటే అది బుల్‌డోజర్ కాదు. రాజకీయ నినాదంగా ఎవరైనా ఆ మాట వాడితే వాళ్ళ మాటగా ఉంచండి. జరిగింది జరిగినట్టు చెప్పేటప్పుడు వాడకండి.

బ్రాండ్ పేరు ఉంచాల్సిన చోట్లూ ఉన్నాయి. ‘పోలీసులు ఒక జేసీబీని సీజ్ చేశారు’ అన్నప్పుడు ఎఫ్ఐఆర్‌లో కంపెనీ పేరు, బండి నంబరు ఉంటాయి. అవి దొరికితే ఉన్నది ఉన్నట్టు రాయండి. దొరకకపోతే బ్యాక్‌హో లోడర్ అనండి. ఏ కంపెనీదో తెలియని బండిని ఇంగ్లీషులో జేసీబీ అని రాస్తే, ఆ కంపెనీ బండే అని చెప్పినట్టవుతుంది. కోర్టుకు వెళ్ళే కాగితమైతే ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

కొన్నిచోట్ల బండి పేరే అక్కర్లేదు. ‘జేసీబీ పెట్టి స్థలం చదును చేయించాం’ అంటే యంత్రంతో చదును చేయించామని అర్థం. ఇంగ్లీషులో స్థలం చదును చేయించారని రాస్తే చాలు. ‘నేతకు జేసీబీలతో పూలు చల్లారు’ అన్న వాక్యం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ బ్యాక్‌హో అని ఒక్క మాట రాస్తే అమెరికా పాఠకుడికి ఏమీ అర్థం కాదు, గుంతలు తవ్వే బండికి పూలతో ఏం పని అనుకుంటాడు. రోడ్డు పక్కన తవ్వకం యంత్రాలు నిలబెట్టి, వాటి ముందు బకెట్లలో పూలరేకులు నింపి పైకెత్తి, కాన్వాయ్ వచ్చాక మీద కుమ్మరించారని ఒక వాక్యం అదనంగా రాయాల్సిందే. నాకైతే ఇలాంటి చోట పొదుపు పనికిరాదనిపిస్తుంది.

చివరిగా ఒక చిక్కు. కొందరు తవ్వే ప్రతి బండినీ జేసీబీ అనేస్తారు. అనుమానం వస్తే విలేకరికో, ఊరివాళ్ళకో ఫోన్ చేసి ‘ఆ బండి ఎలా వచ్చిందండీ?’ అని అడగండి. రోడ్డు మీద తనంతట తనే నడుచుకుంటూ వచ్చిందంటే దాదాపుగా బ్యాక్‌హో. ట్రైలర్ మీద ఎక్కించి తెచ్చారంటే చైన్ల బండి, ఎక్స్‌కవేటర్. ఫొటో ఉంటే ముందు బకెట్ ఉందో లేదో చూడండి. ఏదీ దొరక్కపోతే ‘భారీ తవ్వకం యంత్రాలు’ అని ఇంగ్లీషులో రాసి వదిలేయండి, ఊహించి రకం పేరు పెట్టకండి.