‘అభిలషణీయం’ అనే మాట మీద నా అభ్యంతరం

అధ్యక్షులకు, విభాగం అధ్యాపకులకు, నన్ను పిలిచిన విద్యార్థి సంఘం వాళ్లకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పినవాటిలో సగం ఎక్కువే చెప్పారు, వాటి జోలికి పోను. సంక్షేమ అర్థశాస్త్రం మీద గంటసేపు మాట్లాడమన్నారు. నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట మీ పాఠ్యపుస్తకంలో ఉంది: ఆర్థికవేత్త పారెటో పేరు మీద పిలిచే పారెటో అభిలషణీయత.

అభిలషణీయం అంటే కోరుకోదగినది. ఈ అర్థం మనసులో పెట్టుకుని నిర్వచనం చదవండి. ఒకరికి నష్టం కలగకుండా ఇంకొకరి పరిస్థితిని ఏమాత్రం మెరుగుపరచలేని స్థితి పారెటో అభిలషణీయ స్థితి. ఇందులో కోరుకోదగినది ఏముంది? వృథా పోతున్నది ఏమీ మిగల్లేదని మాత్రమే ఆ నిర్వచనం చెబుతోంది. ఎవరికి ఎంత దక్కిందో అది అడగనే అడగదు. ఒకడి దగ్గర అన్నీ ఉండి, రెండోవాడి చేతిలో ఏమీ లేకపోయినా ఆ స్థితి ఈ పరీక్ష పాసవుతుంది. మొదటివాడి దగ్గర నుంచి కొంచెం తీయకుండా రెండోవాడికి ఇవ్వలేం, తీస్తే మొదటివాడికి నష్టం. అంతే, అభిలషణీయం!

ఈ మాట నాకు తగిలిన సందర్భం చెబుతాను. చాలా ఏళ్ల కిందటి సంగతి. ఇంకా చెబుతున్నావా అని మా ఇంట్లో వాళ్లు అంటూంటారు. చెబుతాను, ఎందుకంటే మీరు చదివే నిర్వచనంలో లేనిది ఇందులో ఉంది.

నేను పరిశోధనలో రెండో ఏడు. మా విభాగానికి ఒకటే కంప్యూటర్, దాని మీద పని ఉన్నవాళ్లం ఇద్దరం. నాకన్నా ముందు చేరిన సీనియర్ ఒకాయన, నేను. వారానికి పగలు 40 గంటలు, రాత్రి 40 గంటలు ఆ గది తెరిచి ఉండేది. గది బయట అట్ట వేసిన పొడవాటి రిజిస్టర్ ఒకటి, దారంతో కట్టిన పెన్సిల్ ఒకటి. ఎవరు ముందు పేరు రాస్తే వాళ్లదే ఆ గంట. కొత్త వారం పేజీ తెరుచుకునేసరికి 80 గంటల మీదా ఆయన పేరే ఉండేది. రిజిస్టర్ ఆయన బల్ల మీదే ఉండేది కాబట్టి అలా జరిగేది, అందులో కుట్ర ఏమీ లేదు.

నేను వెళ్లి మా ప్రొఫెసర్ గారితో చెప్పాను. “సార్, నాకు ఒక్క గంట కూడా దొరకడం లేదు” అన్నాను. ఆయన మంచి మనిషి, అర్థశాస్త్రం బాగా తెలిసినవారు. ఓపిగ్గా విని, “నీకు ఒక గంట ఇవ్వాలంటే అతని గంట తీయాలి కదమ్మా. ఇప్పుడున్న ఏర్పాటు ఎఫిషియెంట్‌గానే ఉంది” అన్నారు. ఎఫిషియెంట్ అంటే సమర్థం, పారెటో అభిలషణీయానికి ఇంకో పేరు. నా దగ్గర జవాబు లేదు. నిర్వచనం ప్రకారం ఆయన చెప్పింది తప్పు అనిపించలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్యాయం జరిగినందుకు కాదు, నేను నేర్చుకున్న శాస్త్రమే నా నోరు మూయించినందుకు.

ఇప్పుడు ఈ ఇద్దరి లెక్క వేద్దాం, నోట్‌బుక్కులు తీయండి. సీనియర్‌కు పగలు పని చేసుకోవడం ఇష్టం, రాత్రి కష్టం. ఆయనకు పగటి గంట 3 మార్కుల విలువ, రాత్రి గంట 1 మార్కు. నాకు పగలైనా రాత్రైనా ఒకటే, ఏ గంటకైనా 2 మార్కులు. ఒక జాగ్రత్త: ఈ మార్కులు ఎవరికి వాళ్లు వేసుకున్నవి. నా మార్కులు, ఆయన మార్కులు కలిపి మొత్తం తేల్చకూడదు. పారెటో ఈ పద్ధతిని పట్టుకున్నదే అందుకు. ఆయన మొదట ఇంజినీరు, ఆ తర్వాత 1893లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఆచార్యుడయ్యాడు. ఒక మనిషి సంతృప్తిని ఇంకో మనిషి సంతృప్తితో కొలిచి పోల్చే కొలబద్ద లేదనుకున్నాడు. పోల్చకుండా ఎంతవరకు మాట్లాడగలమో అంతవరకే మాట్లాడాడు. అది నిజాయితీగా గీసుకున్న గీత. ఆ గీతను తీర్పుగా మార్చింది తర్వాతివాళ్లు.

సరే. 80 గంటలూ సీనియర్‌వే అనుకోండి. మేమిద్దరం కూర్చుని ఏదైనా మార్చుకుని ఇద్దరం బాగుపడగలమా? లేదు. మార్పిడికి నా దగ్గర ఏముంది? ఒక పగటి గంట కావాలంటే బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఒక రాత్రి గంట కూడా లేదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ స్థితి ‘సమర్థం’ అయింది దాన్ని బాగా నడిపినందువల్ల కాదు. నా చేతులు ఖాళీగా ఉన్నందువల్ల. బేరానికి వచ్చే శక్తి ఒకడికి లేకుండా చేస్తే, ఇద్దరికీ లాభమైన బేరాలు మిగలవు. బేరాలు మిగలకపోతే నిర్వచనం సంతృప్తి పడుతుంది. వెనక వరసలో ఉన్నవాళ్లు వింటున్నారా? దీన్ని రాసుకోండి.

మళ్లీ కథలోకి వస్తాను. ఒక రాత్రి ఏదో పుస్తకం కోసం విభాగానికి వెళ్లాను. రిజిస్టర్‌లో ఆయన పేరుంది, గదిలో లైటు లేదు. కంప్యూటర్ మీద బట్ట కప్పి ఉంది, ముట్టుకుంటే చల్లగా ఉంది. మర్నాడు కూడా అంతే. రెండు వారాలు చూసి లెక్క రాసుకున్నాను. రాత్రి 40 గంటల్లో ఆయన నిజంగా వాడేది 28. మిగతా 12 ఆయనకు అక్కరలేనివి, పేరు మాత్రం ఉంది. అంటే ప్రొఫెసర్ గారి మాట కాగితం మీదే నిజం. వృథా ఉంది. ఎవరికీ నష్టం లేకుండా నాకు మేలు చేసే దారి ఉంది. దీన్నే పారెటో మెరుగుదల అంటారు.

లెక్క కాగితం పట్టుకెళ్లి చూపించాను. ప్రొఫెసర్ గారు వెంటనే ఒప్పుకున్నారు, సీనియర్ కూడా ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆయనకు పోయేదేమీ లేదు. నాకు 12 రాత్రి గంటలు వచ్చాయి. సంతోషించాను, ఆ మాట దాచను. వారం తర్వాత తల దిమ్మెక్కింది. ఇప్పుడు ఏర్పాటు నిజంగానే సమర్థమైపోయింది! ఆయనకు 40 పగళ్లు, 28 రాత్రులు, ఆయన లెక్కలో 148 మార్కులు. నాకు 12 రాత్రులు, 24 మార్కులు. ఒక పగటి గంట అడుగుదామంటే బదులివ్వడానికి నా దగ్గరున్నవి రాత్రి గంటలే. 28 దాటిన రాత్రులు ఆయనకు అక్కరలేనివి కాబట్టి నేను ఎన్నిచ్చినా ఆయన పగటి గంట ఇవ్వరు. బేరం లేదు. ఇక నేను నోరెత్తితే, “ఉన్న వృథా కూడా నీకే ఇచ్చాం కదా” అంటారు. అన్నారు కూడా.

అందరికీ ఇష్టమైన మెరుగుదలలతోనే ముందుకు పోదాం అనేవాళ్లకు నేను ఇదే చెబుతాను. ఆ దారి నన్ను 12 గంటల దాకా తీసుకెళ్లి అక్కడ తలుపు వేసేసింది. మొదలు ఎక్కడో, చివర కూడా దాని పక్కనే ఉంటుంది.

అయితే సగం సగం పంచేస్తే సరిపోయేదా? తొందరపడకండి. చెరి 20 పగళ్లు, 20 రాత్రులు అనుకుందాం. ఆయనకు 60, 20 కలిపి 80. నాకూ 80. సమానం, కానీ సమర్థం కాదు. నేను నా పగళ్లలో 10 ఆయనకిచ్చి, ఆయన రాత్రులు 20 తీసుకుంటాను. ఇప్పుడు ఆయనకు 30 పగళ్లు, అంటే 90. నాకు 10 పగళ్లు, 40 రాత్రులు, అంటే 100. ఇద్దరం మెరుగయ్యాం, ఇక ఆ పైన ఇద్దరికీ లాభమైన మార్పిడి లేదు. కాబట్టి ఇదీ పారెటో పరీక్ష పాసైన స్థితే. సమానత్వం అని కళ్లు మూసుకుని గీత గీసి వదిలేస్తే వృథా మిగులుతుంది. అందుకే సామర్థ్యం అనే భావనను నేను తీసిపారెయ్యమనడం లేదు.

ఇప్పుడు రెండు స్థితులు పక్కపక్కన పెట్టండి. ఒకటి 148, 24. రెండోది 90, 100. రెండూ సమర్థమే. వీటిలో ఏది మంచిదని పారెటోను అడిగితే జవాబు రాదు, ఎందుకంటే మొదటి దాని నుంచి రెండో దానికి పోతే సీనియర్‌కు నష్టం, రెండో దాని నుంచి మొదటి దానికి పోతే నాకు నష్టం. మౌనమే. ఇంకా వింత ఏమిటంటే, సమర్థం కాని ఆ 80, 80 కన్నా 148, 24 మెరుగు అని కూడా పారెటో అనడు. ‘సమర్థమైనది ఎప్పుడూ సమర్థం కానిదానికన్నా మేలు’ అని పరీక్షల్లో రాసే పిల్లలను ఏటా చూస్తున్నాను. సున్నా వేస్తున్నాను. ఆ సమాన స్థితి కన్నా మేలని పారెటో చెప్పగలిగింది 90, 100 లాంటివాటిని మాత్రమే, ఎందుకంటే అక్కడ ఎవరూ 80 కన్నా కిందికి దిగలేదు.

మౌనం దగ్గర ఆగిపోవాలా? అక్కర్లేదు. 1967లో ఆర్థికవేత్త డంకన్ ఫోలీ ఒక తేలికైన ప్రశ్న అందించాడు: నీ వాటాకు బదులు ఎదుటివాడి వాటా ఇస్తే తీసుకుంటావా? దీనికి కూడా మార్కులు కలపనక్కర్లేదు, ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే చాలు. మొదటి స్థితిలో ఆయన వాటా నాకిస్తే 68 గంటలు, 136 మార్కులు, ఎగిరి గంతేసి తీసుకుంటాను. రెండో స్థితిలో ఆయన 30 పగళ్లు నాకు 60 మార్కులే, నా 100 వదులుకోను. ఆయనా నా వాటా కోరుకోరు: 10 పగళ్లకు 30, పనికొచ్చే 28 రాత్రులకు 28, మొత్తం 58. ఆయన దగ్గర 90 ఉంది. చూశారా, అదే కంప్యూటర్, అవే 80 గంటలు, అదే సామర్థ్యం. తేడా అంతా పేజీ తెరిచేనాటికి ఎవరి చేతిలో ఎన్ని గంటలున్నాయన్న దగ్గరే.

ఇద్దరు విద్యార్థుల గొడవను ప్రపంచానికి అంటగడుతున్నావు అంటారేమో. అమర్త్య సేన్ 1970లోనే ఈ సంగతి సమాజం మొత్తానికి వర్తింపజేసి చెప్పాడు. కొందరు దుర్భర దారిద్ర్యంలో, కొందరు విలాసాల్లో ఉన్నా, ధనికుల విలాసం తగ్గించకుండా పేదల స్థితి మెరుగుపరచలేనంత కాలం అది పారెటో దృష్టిలో లోపం లేని స్థితేనన్నాడు. పోటీ మార్కెట్ సమతౌల్యానికి, అంటే కొనేదీ అమ్మేదీ సరిపోయే చోటికి వస్తే, అది సమర్థ స్థితేనని 1951లో ఆర్థికవేత్తలు ఆరో, డెబ్రూ ఎవరికి వారు కచ్చితమైన గణితంతో నిరూపించారు. దీన్ని సంక్షేమ అర్థశాస్త్రం మొదటి సిద్ధాంతం అంటారు. పోటీ ఉండాలి, ఒకరి పని వల్ల పక్కవాడికి లెక్కలోకి రాని నష్టం ఉండకూడదు, ఇలాంటి షరతులున్నాయి. ఆ షరతులన్నీ తీరినా, అది చేర్చేది 90, 100కో 148, 24కో సిద్ధాంతం చెప్పదు. ఎవరు ఏమి పట్టుకుని మార్కెట్‌కు వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి వాటాలు సరిచేసి మార్పిడిని జనానికి వదిలెయ్యొచ్చని రెండో సిద్ధాంతం అంటుంది. కానీ మనుషుల ప్రవర్తన మారిపోకుండా వాటాలు సరిచేసే పన్ను నిజ జీవితంలో దొరకడం కష్టం. అక్కడ కొంత వృథాను భరించాల్సి వస్తుంది. ఎంత భరించాలన్నది మనం వాదించుకుని తేల్చుకోవలసిన విషయం. ‘సమర్థంగా ఉంది’ అనే ముక్కతో ఆ వాదనను మొదలవకముందే ఆపేస్తున్నారు. నా బాధ అది.

టైం అయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు, ముగిస్తాను. నేను ఇక్కడికి వచ్చిన అసలు పని ఒకటుంది. పాఠ్యపుస్తకాల సవరణ కమిటీకి ఒక ఉత్తరం రాశాను. ‘పారెటో అభిలషణీయత’ తీసి ‘పారెటో సామర్థ్యం’ అని పెట్టమని, నిర్వచనం కిందనే అంతా ఒకరికే దక్కిన ఉదాహరణ ఒకటి అచ్చువేయమని అడిగాను. ఉత్తరం తలుపు పక్కన బల్ల మీద ఉంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం చేయండి. ఒప్పుకోనివాళ్లు నాతో వాదించడానికి ఆగండి, నేను ఇక్కడే ఉంటాను.