46 పేజీల క్లయింట్ డాక్యుమెంట్ నుంచి నంబర్లు వేసిన అవసరాల లిస్టు తీయడం ఎట్లా? ఒక రైస్ మిల్లు ఉదాహరణ

[కెమెరా ముందు. టేబుల్ మీద స్పైరల్ బైండింగ్ చేసిన కాగితాల కట్ట.]

ఇది చూశారా, 46 పేజీలు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వాళ్లు ధాన్యం తూకం సాఫ్ట్‌వేర్ కావాలని మాకిచ్చిన డాక్యుమెంట్ ఇది. మిల్లు పేరు చెప్పను. రాసింది గుమాస్తా, కానీ మధ్యమధ్యలో సేటు చెప్పినవి ఉన్నాయి, అంతకుముందు ఎవరో ఇచ్చిన కొటేషన్‌లోంచి తెచ్చి అతికించినవి కూడా ఉన్నాయి. నల్లగొండ నుంచి బస్సులో పోతూ దీన్ని చదివి, పసుపు హైలైటర్‌తో గీతలు గీసి, నాకంతా అర్థమైపోయిందనుకున్నాను.

రెండు నెలల తర్వాత డెమో. గుమాస్తా ప్రింటయిన తూకం చీటీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఒక్కటే వచ్చిందేందన్నా, రెండు కాపీలు రావాలె గదా, రాసిచ్చినం గదా" అన్నాడు. ఎక్కడ రాశారని వెతికితే 41వ పేజీలో ఒక పట్టిక కింద, నక్షత్రం గుర్తు పెట్టి, చిన్నక్షరాల్లో ఉంది. తప్పు ఆయనది కాదు. హైలైటర్‌తో గీసిన గీత నేను చూసిందేదో చెబుతుంది గానీ, చూడకుండా వదిలేసిందేదో చెప్పదు.

అందుకే ఇప్పుడు నేను ఏ డాక్యుమెంట్ వచ్చినా ముందు లిస్టు చేస్తాను. ప్రతి అవసరానికి ఒక నంబర్, పక్కన అది డాక్యుమెంట్‌లో ఏ సెక్షన్ నుంచి వచ్చిందో. ఈ మిల్లు డాక్యుమెంట్‌నే తీసుకుని ఎట్లా చేయాలో చూపిస్తాను, అదీ ఒక్క పేరాతో, ఎందుకంటే పని మొత్తం ఆ పేరాలోనే తెలిసిపోతుంది.

[స్క్రీన్ మీద సెక్షన్ 4.2 పెద్దగా.]

"బండి గేటులోకి రాగానే తూకం, తేమ ఎక్కించి, తేమ 17 దాటితే శాతానికి కిలో చొప్పున తరుగు తీసి చీటీ ఇవ్వాలి, రైతు ఫోన్‌కు మెసేజ్ పోవాలి, అంతా స్పీడుగా అయిపోవాలి."

చదవడానికి ఒక్క వాక్యమే. దీన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఒక నంబర్ పెట్టేస్తే ఏమవుతుందంటే, రేపు టెస్ట్ చేసేటప్పుడు తూకం వస్తోంది, చీటీ వస్తోంది, మెసేజ్ పోవట్లేదు, అప్పుడు ఆ నంబర్ ముందు టిక్ పెట్టాలా వద్దా? సగం టిక్ ఉండదు గదా. కాబట్టి నేను చూసేది ఒకటే: ఈ లైను అయ్యిందా లేదా అని అడిగితే అవును, కాదు అనే రెండు జవాబుల్లో ఒకటే రావాలి. రెండూ వచ్చే వీలుంటే ఇంకా విడగొట్టాలి.

[స్క్రీన్ మీద లిస్టు, ఒక్కో లైను వస్తూ.]

```
N-014  నిండు బండి తూకం నమోదు కావాలి      S4.2
N-015  ధాన్యం తేమ శాతం నమోదు కావాలి      S4.2
N-016  తేమ 17 దాటితే తరుగు లెక్కించాలి     S4.2
N-017  తూకం చీటీ ప్రింట్ కావాలి            S4.2
N-018  రైతు ఫోన్‌కు మెసేజ్ పోవాలి          S4.2
```

ఒక్క వాక్యంలోంచి ఐదు వచ్చాయి. "స్పీడుగా అయిపోవాలి" అన్నది ఇక్కడ లేదు, చూశారా? దాన్ని వదిలేయలేదు, ప్రశ్నల షీటులో వేశాను, దాని పక్కన కూడా S4.2 అని రాసి. స్పీడు అంటే ఎంత అని సేటును అడిగితే ఆయన కొంచెం ఆలోచించి, కోతల టైములో బండ్లు రోడ్డు దాకా లైను కడతాయి, కాంటా ఎక్కిన రెండు నిమిషాల్లో చీటీ చేతికి రావాలి అన్నాడు. ఇప్పుడు అది N-019. దాని మూలం మాత్రం సెక్షన్ కాదు, "ఫోన్లో సేటు చెప్పింది" అని, తేదీతో. ఆ మాటనే మెయిల్ చేసి సరే అనిపించుకున్నాను కూడా, లేకపోతే నేను అట్లా అనలేదంటే నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఇంకోటి ఉంది. ధాన్యం బరువు కావాలంటే నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేయాలి. ఆ సంగతి 46 పేజీల్లో ఎక్కడా లేదు, మిల్లులో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ రాయలేదు. దానికీ నంబర్ ఇస్తాను, మూలం దగ్గర మాత్రం "S4.2 నుంచి మేము తీసింది" అని రాస్తాను. క్లయింట్ రాసిందీ మనం తీసిందీ కలిసిపోకూడదు, ఎందుకంటే రెండోదానికి ఆయన ఒప్పుకోలు ఇంకా రావాలి.

[కెమెరా ముందు.]

ఇప్పుడు N-016, తరుగు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే డబ్బులు ఇక్కడే ఉన్నాయి. 17 శాతం అనేది వాళ్లు ఊరికే రాసింది కాదు, ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో కూడా ధాన్యం తేమకు పరిమితి అదే. "శాతానికి కిలో" అంటే క్వింటాల్‌కు, 17 మీద పెరిగిన ప్రతి శాతానికి ఒక కిలో తరుగు. బాగానే ఉంది. కానీ తేమ మీటరు 18.5 చూపిస్తే?

40 క్వింటాళ్ల ట్రాక్టర్ లోడు అనుకోండి. పైనున్న ఒకటిన్నరలో అరను వదిలేస్తే క్వింటాల్‌కు ఒక కిలో, మొత్తం 40 కిలోలు. ఉన్నదున్నట్టు లెక్కేస్తే 60. అరను పైకి లాగి రెండు చేస్తే 80. సాధారణ రకం ధాన్యానికి 2024-25 మద్దతు ధర క్వింటాల్‌కు 2,300 రూపాయలు, ఆ లెక్కన మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఒక్క ట్రాక్టర్ మీదనే 920 రూపాయల తేడా. ప్రోగ్రాం రాసేవాడు తనకు తోచిన పద్ధతి వేసేస్తాడు, గొడవ మాత్రం కాంటా దగ్గర రైతుకూ గుమాస్తాకూ అవుతుంది. వాక్యాన్ని విడగొట్టి ఒక్క లైనుగా నిలబెట్టినప్పుడే ఈ ప్రశ్న నాకు తట్టింది, పేరాలో చదివినప్పుడు అసలు కనిపించనే లేదు.

అట్లాగే రెండు సెక్షన్లు కొట్టుకోవడం. 5.4లో "మేనేజర్ తూకం సరిచేయగలగాలి" అని ఉంది, 7.3లో "ఒకసారి ఎక్కిన తూకం ఎవరూ మార్చొద్దు" అని ఉంది. ఒకటి గుమాస్తా రాసింది, ఇంకోటి సేటు రాయించింది, అది చదివితేనే తెలిసిపోతుంది! ఇట్లాంటప్పుడు మనమే ఒకటి ఎంచుకుని రెండోది కొట్టేయొద్దు. రెండింటికీ వేర్వేరు నంబర్లు ఇచ్చి, ప్రశ్నల షీటులో రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి ఇద్దరికీ ఒకేసారి పంపాలి. మా దగ్గర తేలింది ఏందంటే, పాత తూకం అట్లనే ఉండాలి, సవరణ కొత్త లైనుగా పడాలి, ఎవరు చేశారో పేరు కనిపించాలి. ఆ రెండు నంబర్లను "రద్దు" అని మార్క్ చేసి, తేలినదానికి కొత్త నంబర్లు ఇచ్చాను. రద్దయిన నంబర్‌ను మళ్లీ ఇంకోదానికి వాడను, లిస్టులో ఖాళీలు కనిపించినా పర్వాలేదు. పాత మెయిళ్లలో N-027 అని ఉంటే అది ఎప్పటికీ ఆ పాత విషయమే కావాలి.

[స్క్రీన్ రికార్డింగ్: ఎక్సెల్.]

ఇక ఎక్సెల్‌లో ఒక మోసం ఉంది, నేను పడ్డాను, మీరు పడొద్దు. సెక్షన్ గడిలో 4.10 అని కొట్టి ఎంటర్ నొక్కండి. చూశారా, 4.1 అయిపోయింది. అది నంబర్ అనుకుని చివరి సున్నా తీసేసింది. సెక్షన్ 4.1 వేరు, 4.10 వేరు. సరే, గడిని టెక్స్ట్‌గా మారుద్దాం అంటారు. కంటికి 4.10 అనే కనిపిస్తుంది, కానీ లెక్కపెట్టే COUNTIF టెక్స్ట్‌లో ఉన్న అంకెలను కూడా నంబర్లుగానే చూస్తుంది, రెండూ ఒకటే అని కలిపి లెక్కేస్తుంది. అందుకే ముందు S అక్షరం పెట్టాను, S4.1, S4.10. అప్పుడు ఇబ్బంది లేదు.

ఆ లెక్క ఎందుకంటే, డాక్యుమెంట్‌లోని ప్రతి సెక్షన్ లిస్టులోకి వచ్చిందా అని ఉల్టా చూడటానికి. ఇంకో షీటులో A కాలమ్‌లో A2 నుంచి డాక్యుమెంట్‌లోని సెక్షన్లన్నీ ముందు S పెట్టి వరుసగా రాయండి, A2 పక్క గడిలో ఇది రాసి కిందిదాకా లాగండి:

```
=COUNTIF(Needs!C:C, A2)
```

Needs అనేది మన లిస్టున్న షీటు, C అందులో మూలం కాలమ్. సున్నా వచ్చిందంటే ఆ సెక్షన్ నుంచి ఒక్క అవసరం కూడా తీయలేదన్నమాట. ఒక అవసరం రెండు సెక్షన్లలో ఉంటే ఒకే గడిలో రెండూ కుక్కొద్దు, అదే నంబర్‌తో రెండు లైన్లు వేయండి, లేకపోతే ఈ ఫార్ములా పట్టుకోదు. సున్నా వచ్చిన ప్రతిదానికీ ఒక మాట రాయాలి: ఊరికే పరిచయమా, ప్రశ్నల్లోకి పోయిందా, లేక మనమే మర్చిపోయామా. మిల్లు చరిత్ర రాసిన సెక్షన్ 1కి సున్నా వస్తే రానీయండి.

కానీ దీన్ని మరీ నమ్ముకోవద్దు. నా రెండు కాపీల చీటీ సంగతే చూడండి, ఆ పట్టిక సెక్షన్ 9లో ఉంది, సెక్షన్ 9 నుంచి నేను అప్పటికే నాలుగు అవసరాలు తీసి ఉంటే లెక్క 4 వస్తుంది, సున్నా రాదు, అడుగున ఉన్న ఆ లైను హాయిగా దాక్కుంటుంది. సెక్షన్‌ను తాకామా అని మాత్రమే ఫార్ములా చెబుతుంది, మొత్తం తీశామా అని చెప్పదు. అందుకని పట్టికలు, వాటి కింది నక్షత్రం లైన్లు, బొమ్మలు, అన్నింటినీ వేరే వరుసలుగా రాస్తాను, S9-పట్టిక2, S9-పట్టిక2-కింద, ఇట్లా. పైగా ప్రింట్ తీసిన కాపీలో ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్నుతో N నంబర్ రాస్తాను. నంబర్ లేని వాక్యం తెల్లగా మిగిలి కనిపిస్తుంది. 46 పేజీలకు నాకు ఒక పూట పట్టింది.

[కెమెరా ముందు. చేతిలో రెండో కాగితాల కట్ట.]

ఇదేమో అదే డాక్యుమెంట్ రెండో వెర్షన్, లిస్టంతా అయ్యాక వాట్సాప్‌లో వచ్చింది. గుమాస్తా సెక్షన్ 3 తర్వాత హమాలీ లెక్కలని కొత్త సెక్షన్ పెట్టాడు, దాంతో వర్డ్ తనంతట తానే ఆ తర్వాతి నంబర్లన్నీ మార్చేసింది, మన 4.2 కాస్తా 5.2 అయింది. ఇప్పుడు లిస్టులో S4 నుంచి ఉన్న మూలాలన్నీ తప్పు సెక్షన్‌ను చూపిస్తాయి, చూడటానికి మాత్రం కరెక్టుగానే ఉంటాయి.

అందుకే మూలం పక్కన ఇంకో రెండు కాలమ్‌లు: ఒకదాంట్లో వెర్షన్, ఇంకోదాంట్లో డాక్యుమెంట్‌లోని అసలు వాక్యం అక్షరం మారకుండా. వాక్యం ఉంటే కొత్త ఫైల్‌లో వెతికి సెక్షన్ నంబర్ దిద్దుకోవచ్చు. వర్డ్‌లో Review ట్యాబ్‌లో Compare నొక్కి పాత ఫైల్, కొత్త ఫైల్ ఇస్తే మారిన చోట్లు రంగులో చూపిస్తుంది. సెక్షన్ జరిగితే మూలం మారుతుంది, N నంబర్ మారదు. వాక్యమే మారితే ఆ అవసరాన్ని మళ్లీ చదవాలి.

నేను అట్లా చదివితే 5.2లో "17" కాస్తా "16" అయ్యి ఉంది. ఫోన్ చేస్తే గుమాస్తా, "అయ్యో, టైపింగ్ తప్పన్నా, 17నే" అన్నాడు. అది కూడా తేదీతో ప్రశ్నల షీటులో రాసి పెట్టాను.