డ్రెస్ మారాలి, మనిషి మారకూడదు

"అన్నా, గేమ్ కోసం పిక్సెల్ బొమ్మల్లో ఒకే హీరోకి మూడు డ్రెస్సులు గీశాను. డ్రెస్ మార్చగానే వాడు వేరే మనిషిలా కనిపిస్తున్నాడు. ఎక్కడ తేడా కొడుతోంది?"

గాజువాక నుంచి ఒక తమ్ముడు అడిగాడు, ఫైల్ కూడా పంపాడు. తెరిచి చూశాను. తేడా భుజాల దగ్గర మొదలై పాలెట్‌లో, అంటే రంగుల పట్టీలో, ముగుస్తోంది. ముందు భుజాలు చూద్దాం.

బేస్ బొమ్మలో, అంటే డ్రెస్ తొడగని ఒంటి బొమ్మలో, భుజాల వెడల్పు 12 పిక్సెల్స్. ఆటో డ్రైవర్ ఖాకీ చొక్కా తొడిగాక అది 14 అయింది. చొక్కా ఒంటి పైన వస్తుంది కదా అని అటొక పిక్సెల్, ఇటొక పిక్సెల్ కలిపాడు. లెక్క వేయండి. బొమ్మ ఎత్తు 40 పిక్సెల్స్. మనిషి ఐదున్నర అడుగులు అనుకుంటే ఒక్క పిక్సెల్ అంటే నాలుగు సెంటీమీటర్ల పైమాటే. నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటే అది చొక్కా కాదు, బొంత.

కాబట్టి ఒంటికి అంటుకునే బట్ట ఏదైనా ఒంటి పిక్సెల్స్ మీదే గీయాలి. ఒంటి అవుట్‌లైన్ ఎక్కడుందో చొక్కా అవుట్‌లైన్ కూడా సరిగ్గా అక్కడే ఉండాలి. బయటికి రావడానికి వీలున్నవి ఒంటికి అంటుకోనివి మాత్రమే: లుంగీ అంచు, తలగుడ్డ చివర, స్టీల్ ప్లాంట్ హెల్మెట్.

ఇప్పుడు నా ఫైల్ చూపిస్తాను. మన ఫిషింగ్ హార్బర్ కుర్రాడు. కాన్వాస్ 32 అడ్డం, 48 నిలువు. తల పైన ఆరు వరసలు ఖాళీగా వదిలాను, హెల్మెట్ పెట్టినా కాన్వాస్ పెంచాల్సిన పని రాకుండా. అడుగున ఉన్న లేయర్‌లో వాడు బనియన్, నిక్కరుతో ఉంటాడు. చాలామంది మొదటి డ్రెస్‌నే బేస్ అనుకుంటారు. మొదటి డ్రెస్ లుంగీ అయితే దాని కింద కాళ్ళే ఉండవు. రేపు ప్యాంటు తొడగాలంటే కాళ్ళు ఊహించి గీయాలి, అక్కడే కొలత తప్పుతుంది. అందుకే ముందు ఒళ్ళు పూర్తిగా గీసి, నడకలోని నాలుగు ఫ్రేములూ పూర్తి చేసి, ఆ లేయర్‌కి తాళం వేసేయండి. ప్రతి డ్రెస్సూ దాని పైన వేరే లేయర్‌లో.

హెల్మెట్ విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. నడకలో కాళ్ళు ఒకదాన్నొకటి దాటే ఫ్రేముల్లో, అంటే 2, 4 ఫ్రేముల్లో, ఒళ్ళు ఒక పిక్సెల్ పైకి లేస్తుంది. హెల్మెట్ ఒకటే కదా అని పిక్సెల్ బొమ్మలు గీసే ఆస్‌ప్రైట్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు ఫ్రేముల హెల్మెట్ సెల్స్‌నీ లింక్ చేస్తే, లింక్ చేసినవి బొమ్మతో పాటు పొజిషన్ కూడా పంచుకుంటాయి. తల లేస్తుంది, హెల్మెట్ లేవదు. చూసేవాడికి తల సాగి కుంచించుకుపోతున్నట్టు ఉంటుంది. 1, 3 ఒక జత, 2, 4 ఒక జత కింద లింక్ చేస్తే గొడవ లేదు.

ఇక రంగులు. 1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్ గేమ్‌లో స్కార్పియన్, సబ్-జీరో అనే ఇద్దరు ఫైటర్లకీ కెమెరా ముందు నటించినవాడు ఒకడే, బొమ్మ దాదాపు ఒకటే. ఒకడి బట్టకి పసుపు, ఇంకొకడికి నీలం వేశారు, ఇద్దరు మనుషులైపోయారు. ముఖానికి ముసుగు ఉంది కాబట్టి చెల్లింది, పైగా వాళ్ళకి కావలసింది కూడా అదే. మనకి కావలసింది దానికి తిరగేసింది. అందుకే ముఖం రంగులు ఏ డ్రెస్‌లోనూ కదలకూడదు.

Sprite > Color Mode > Indexed లోకి వెళ్ళండి. ఇక్కడ పిక్సెల్ రంగుని కాదు, పాలెట్‌లో ఒక గడి నంబరుని గుర్తుపెట్టుకుంటుంది. గడిలో రంగు మారిస్తే ఆ నంబరున్న పిక్సెల్స్ అన్నీ మారతాయి. నా పాలెట్‌లో 16 గడులు. సున్నా పారదర్శకం. 1 నుంచి 6 దాకా అవుట్‌లైన్, చర్మం, జుట్టు. 7, 8, 9 పై బట్ట. 10, 11, 12 కింది బట్ట. 13, 14 తలగుడ్డ, హెల్మెట్ లాంటివి. 15 కంటి తెలుపు. డ్రెస్ మారినప్పుడు 7 నుంచి 14 వరకే ముట్టుకుంటాను.

తమ్ముడి ఫైల్‌లో రెండో తేడా ఇదే. తెల్ల పంచెకి కంటి తెలుపు గడినే వాడాడు. తర్వాత పంచెని గోధుమ రంగుకి మార్చాడు, కళ్ళు కూడా పచ్చబడ్డాయి. చూస్తే కుర్రాడికి కామెర్లు వచ్చినట్టుంది! రెండు చోట్లా అదే తెలుపు కనిపించినా సరే, గడులు వేరుగా ఉంచండి.

ఖాకీ దగ్గర ఇంకో తిప్పలు. ఖాకీ, మన చామనఛాయ రెండూ వెలుగులో దగ్గరదగ్గరగా పడతాయి. పొట్టి చేతుల చొక్కాలో బట్ట ఎక్కడ ముగిసి చర్మం ఎక్కడ మొదలైందో తెలియదు. స్క్రీన్ మీద ఎనిమిది రెట్లు పెంచి గీస్తున్నప్పుడు ఇది కనబడదు. అసలు సైజుకి తగ్గించి, బొమ్మ కాపీ ఒకటి తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. చొక్కా, చెయ్యి ఒకే బూడిద రంగైతే ఖాకీని కాస్త ఆకుపచ్చ వైపు జరిపి, ఒక మెట్టు లేతగా చేయండి. చొక్కా చేతి అంచున ఒక వరస ముదురు ఖాకీ, అంటే 9వ గడి, వేయండి. చర్మాన్ని మాత్రం మార్చకండి. ఒక డ్రెస్ కోసం చర్మం సర్దితే మిగతా డ్రెస్సుల్లో అదే వేరే మనిషిని చేస్తుంది.

హార్బర్ లుంగీ కూడా అంతే. నీలం గళ్ళ లుంగీ బీచ్ రోడ్ సీన్‌లో సముద్రం ముందుకి వచ్చేసరికి కలిసిపోయింది. నీలం వదిలి మెరూన్ గళ్ళు వేశాను. గళ్ళన్నీ గీయాలనే ఆశ పెట్టుకోకండి. పది పిక్సెల్స్ వెడల్పులో రెండు నిలువు గీతలు, ఒక అడ్డ గీత చాలు. ఎక్కువైతే నడిచేటప్పుడు బట్ట మీద చీమలు పాకినట్టు మెరుస్తుంది. గీతలు బట్టతో పాటు కదలాలి. కాలు ముందుకి వచ్చిన ఫ్రేములో ఆ వైపు నిలువు గీత కూడా ఒక పిక్సెల్ ముందుకి రావాలి, లేకపోతే లుంగీ బదులు కిటికీలోంచి గళ్ళు చూస్తున్నట్టుంటుంది.

కొలత సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి డ్రెస్ లేయర్ కన్ను గుర్తు ఆపి, పెట్టి, మళ్ళీ ఆపి చూడండి. కళ్ళు, భుజాలు, పాదాలు కదలకుండా ఉండి, బట్ట మాత్రమే వచ్చి పోవాలి. ఎక్కడైనా ఒళ్ళు ఉబ్బినట్టు అనిపిస్తే అక్కడే అదనపు పిక్సెల్ ఉంది.

ఫ్రేములన్నీ ఒకే షీట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ట్రిమ్ ఆప్షన్ ఆపేయండి. అది ఖాళీ అంచుల్ని కత్తిరిస్తుంది. హెల్మెట్ ఉన్న షీట్, లేని షీట్ వేరే సైజుల్లో వస్తాయి, గేమ్‌లో డ్రెస్ మార్చగానే వాడు ఎగిరిపడతాడు.

ఇక ఈ పద్ధతికి లొంగని బట్ట ఒకటుంది, పాదాల దాకా వచ్చే పంచె. నడకకి పర్లేదు, అంచు ముందరి పాదం వెంట పోతే చాలు. పరుగులో కాళ్ళు అంతంత చాచితే బట్ట సాగి డేరా అవుతుంది. కొత్తగా ఎనిమిది ఫ్రేములు గీయడం దండగ. పరుగు మొదలవగానే మా కుర్రాడు పంచె ఎగ్గడతాడు. మోకాళ్ళ పైన కట్టిన లుంగీతో పరుగు ఫ్రేములు ఎలాగూ ఉన్నాయి, 10, 11, 12 గడుల్లో తెలుపు నింపాను, సరిపోయింది.