ఆ 40 శాతం ఎవరిది?

అధ్యక్షుల వారికి, సభ్యులందరికీ నమస్కారం. సిరిపురం ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైంది కాబట్టి మర్యాదలు ఇంతటితో ఆపేస్తాను. త్రైమాసిక ఫలితాల గురించి లింక్డ్‌ఇన్‌లో డాబు లేకుండా, అలాగని సర్క్యులర్‌లా పొడిపొడిగా లేకుండా ఎలా రాయాలో చెప్పమన్నారు. సూత్రాలు చెబుదామనే వచ్చాను గానీ, ఒక పోస్టు మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ముందు అది చెప్పనివ్వండి.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీ రీఫర్ కంటైనర్లను, అంటే రొయ్యలు ఎగుమతి చేసే శీతల కంటైనర్లను, తనిఖీ చేసి పోర్టుకు పంపేది. జూన్ ముగియగానే పెట్టిన పోస్టు ఇది: “ఈ త్రైమాసికంలో 40 శాతం వృద్ధి సాధించి అగ్రగామిగా నిలిచామని గర్వంగా ప్రకటిస్తున్నాం. మా అద్భుతమైన టీమ్‌కు ధన్యవాదాలు.” కింద ఎండీ గారు కేకు కోస్తున్న ఫోటో.

మర్నాడు రాత్రి షిఫ్టు టెక్నీషియన్ ఒకాయన నాతో అన్నాడు: “మేడమ్, ఆ కేకు కూడా మా దాకా రాలేదండి.”

అది అలా ఉంచండి. 40 శాతం దేని మీద? జనవరి-మార్చి మీద. ఈ హాల్లో రొయ్యల వాళ్లున్నారు, మీరే చెప్పండి. మన దగ్గర చెరువులు ఎక్కువగా పట్టుబడికి వచ్చేది ఎండాకాలంలో. ఏప్రిల్-జూన్‌లో కంటైనర్లు పెరగడం సీజన్ గొప్పతనం, మన గొప్పతనం కాదు. ఆ సంగతి తెలిసిన ఎగుమతిదారు పోస్టు చూసి నవ్వుకుంటాడు. డాబు అనిపించేది అక్కడే. అంకె పెద్దదైనందుకు కాదు, ఆ ఘనత మనది కానందుకు.

ఉదాహరణకు లెక్క వేద్దాం. జనవరి-మార్చిలో 457 కంటైనర్లు, ఏప్రిల్-జూన్‌లో 640 అనుకోండి. 40 శాతం అక్కడిది. కిందటేడాది ఇదే ఏప్రిల్-జూన్‌లో 520 అయితే అసలు పెరుగుదల 23 శాతం. తగ్గింది కదా అని బెంగపడకండి, ఈ 23ను ఎవరూ వేలెత్తి చూపలేరు. అంకె, కాలం, దేనితో పోల్చామన్నది, ఈ మూడూ ఒకే వాక్యంలో ఉంటే హుందాతనానికి వేరే విశేషణాలు అక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్లు తీయండి, నిజంగానే తీయండి. లింక్డ్‌ఇన్‌లో ఏ పోస్టయినా మొదటి రెండు మూడు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితే గానీ రాదు. ఆ లైన్లను “గర్వంగా ప్రకటిస్తున్నాం”కి ఖర్చు పెడితే ఇక మిగిలేదేమిటి? మనం రాసేది ఎక్కువగా ఇంగ్లీషులోనే అనుకోండి, నేనైతే ఇలా రాసేదాన్ని:

“ఏప్రిల్-జూన్‌లో 640 రీఫర్ కంటైనర్లను తనిఖీ చేసి పోర్టుకు పంపాం. కిందటేడాది ఇదే కాలంలో 520. జూన్‌లో గాలివానకు యార్డులో కరెంటు పోయిన రాత్రి, తెల్లారేదాకా జనరేటర్లు మారుస్తూ సరుకును మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలబెట్టింది మా రాత్రి షిఫ్టు టెక్నీషియన్లు.” తర్వాత వాళ్ల పేర్లు. ఆపైన, “కాగితాల పని మాత్రం ఇంకా ఆలస్యమవుతోంది. వచ్చే మూడు నెలలు దాని మీదే.”

ఆప్యాయత ఎక్కడుందో చూశారా? జనరేటర్ల దగ్గర. “అద్భుతమైన టీమ్” అంటే అందులో ఎవరూ లేరు. ఆ రాత్రి, ఆ పని, ఆ మనిషి పేరు రాస్తే, చప్పట్ల బొమ్మ ఒక్కటీ పెట్టకపోయినా చదివేవాళ్ల మనసును తాకుతుంది. చివరి లోటు సంగతి ఒక్క వాక్యమే రాయండి, అదీ నిజంగా సరిచేస్తున్నదే రాయండి. లేని వినయం డాబుకంటే త్వరగా దొరికిపోతుంది.

పేర్లు పెట్టేముందు వాళ్లనడగండి. కస్టమర్ పేరుకైతే ఒప్పంద పత్రం తీసి చూడండి, చాలా వాటిలో అనుమతి లేకుండా వాడకూడదని ఉంటుంది.

లిస్టయిన కంపెనీల వాళ్లు ఎవరైనా ఉన్నారా? వెనక ఇద్దరు చేతులెత్తారు. మీ సంగతి వేరు. ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజికి చేరకముందు ఈ అంకెలు పోస్టులో పెట్టకూడదు. “ఈసారి అదిరిపోయింది, వేచి చూడండి” అన్న ఊరింపు కూడా సెబీ నిబంధనల కింద ఇబ్బందే. సేల్స్ కుర్రాళ్లు సొంత ఖాతాల్లో ఉత్సాహంగా పెట్టేవి ఇలాంటివే, ముందే చెప్పి ఉంచండి.

ఇక మీరందరూ అడగబోయేది నాకు తెలుసు, “కేకు ఫోటో తీసేస్తే ఎండీ గారు ఒప్పుకుంటారా?” అని. తీసేయొద్దు. యార్డు ఫోటో ముందు పెట్టి, కేకును రెండో ఫోటోగా పెట్టండి. కేకు మాత్రం సాయంత్రం కాకుండా రాత్రి షిఫ్టు మొదలయ్యాక కోయించండి.